హెడ్‌సెట్‌లో చిటపటలు, మైకులో నీరసం

యూఎస్‌బీ హెడ్‌సెట్ అంటే తీగ చివర పిన్ను మాత్రమే మారిన మామూలు హెడ్‌సెట్ అని చాలామంది అనుకుంటారు. అసలు తేడా పిన్నులో లేదు. గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉన్న హెడ్‌సెట్‌లో రెండు చిన్న స్పీకర్లు, ఒక మైకు, తీగ తప్ప ఇంకేమీ ఉండవు. గొంతును అంకెలుగా మార్చే పని, అంకెలను మళ్లీ శబ్దంగా మార్చే పని లాప్‌టాప్‌లోని సౌండ్ చిప్ చేస్తుంది. యూఎస్‌బీ హెడ్‌సెట్‌లో ఆ చిప్ హెడ్‌సెట్ లోపలే ఉంటుంది. చెవి డిప్పలోనో, తీగ మధ్యలో వాల్యూమ్ బటన్లున్న చిన్న డబ్బాలోనో దాన్ని పెడతారు. కంప్యూటర్ దృష్టిలో ఇది ఇంకో సౌండ్ కార్డు. అందుకే ఇందులో గోల మొదలైనప్పుడు లాప్‌టాప్ సొంత ఆడియో డ్రైవర్‌ను ఎన్నిసార్లు మార్చినా ఫలితం కనిపించదు. రోగం ఒకరికి ఉంటే మందు ఇంకొకరికి వేస్తున్నాం మరి.

చిటపట ఎక్కడ పుడుతుందో తెలియాలంటే శబ్దం ఆ తీగలో ఎలా నడుస్తుందో కాస్త చూడాలి. సాధారణ యూఎస్‌బీ హెడ్‌సెట్ తన లెక్కను మిల్లీసెకనుల్లో నడుపుతుంది. సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచే అమరిక పెట్టామనుకోండి. ఆ కొలతల్లో ఒక్కొక్కదాన్ని శాంపిల్ అంటారు. ప్రతి మిల్లీసెకనుకూ 48 శాంపిళ్లు కట్టిన ఒక చిన్న మూట తీగలో వెళుతుంది. ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఏదైనా మూట చెడిపోతే కంప్యూటర్ దాన్ని మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. శబ్దం విషయంలో అలా అడిగే ఏర్పాటే లేదు. పెళ్లి పంక్తిలో వడ్డించేవాడు ఒక విస్తరి దాటేశాడంటే వెనక్కి రాడు, పంక్తి సాగిపోతూనే ఉంటుంది. ఇదీ అంతే. ఆలస్యంగా వచ్చిన శబ్దం మాటల మధ్య ఎందుకూ పనికిరాదు కాబట్టి, పోయిన మూటను పోయినట్టే వదిలేసేలా ఈ పద్ధతిని తయారుచేశారు.

అలా ఒక మూట పోతే, లేక సమయానికి అందకపోతే, శబ్దపు అలలో మిల్లీసెకను మేర గండి పడుతుంది. అల ఒక్కసారిగా తెగి మళ్లీ మొదలైనచోట మన చెవికి ‘టక్’మని వినిపిస్తుంది. అలాంటివి వరసగా పడితే చిటపట. అంటే చాలాసార్లు హెడ్‌సెట్ అదనంగా ఏ శబ్దాన్నీ చేయడం లేదు. ఉండాల్సింది కొంత లేకుండా పోయింది. కాబట్టి ఆ గండి ఎవరు పెడుతున్నారన్నదే మనం తేల్చుకోవాల్సింది.

మా బంధువుల అమ్మాయి ఒకరు కాకినాడలో ఉంటుంది. అమెరికాలోని మన పిల్లలకు తెల్లవారుజామున ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతుంది. ‘‘బాబాయ్, నా గొంతు బావిలోంచి వస్తున్నట్టుందట. పైగా మధ్యమధ్యలో చిటపటలట. ఒత్తు ఉందో లేదో పిల్లలకు తెలియడం లేదు’’ అంది. తెలుగు చెప్పే టీచరుకు ఇంతకంటే పెద్ద కష్టం ఏముంటుంది? ఆమె దగ్గరున్నది విండోస్ 11 లాప్‌టాప్. దానికి తగిలించిన నాలుగు పోర్టుల హబ్‌లో హెడ్‌సెట్, మౌస్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఉన్నాయి. మంచి కేసు. చిటపట, మైకు నీరసం రెండూ ఒకేసారి వచ్చాయి కాబట్టి ఒకే కారణం అనుకోవడం సహజం. నిజానికి ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

ముందు ఇంటర్నెట్‌ను పక్కకు తప్పించాలి. వీడియో కాల్‌లో అవతలివాళ్లకు వినిపించే చిటపట హెడ్‌సెట్‌దే కానక్కర్లేదు, నెట్ నెమ్మదించినా మాట తెగుతుంది. అందుకని కాల్ ఏదీ లేకుండా, విండోస్‌లోనే ఉండే Sound Recorderలో అర నిమిషం మాట్లాడి రికార్డు చేయమన్నాను. ఆ రికార్డును మళ్లీ అదే హెడ్‌సెట్‌లో వింటే లాభం లేదు. చిటపట రికార్డయ్యేటప్పుడు పుట్టిందో, వినేటప్పుడు పుట్టిందో తేలదు. లాప్‌టాప్ సొంత స్పీకర్లోనో, ఫోన్‌కు పంపించుకునో వినాలి. ఆమె రికార్డులో చిటపట ఉంది, గొంతూ నీరసంగానే ఉంది. ఇక నెట్ మీద అనుమానం లేదు.

తర్వాతి పరీక్షకు ఖర్చు లేదు కానీ దీన్ని చేసేవాళ్లు తక్కువ. హెడ్‌సెట్‌ను ఒక ఓటీజీ కనెక్టర్‌తో ఆండ్రాయిడ్ ఫోన్‌కు తగిలించి, అక్కడ రికార్డు చేసి చూడాలి. చాలా ఫోన్లు యూఎస్‌బీ హెడ్‌సెట్‌ను ప్రత్యేక డ్రైవర్ ఏమీ లేకుండానే గుర్తిస్తాయి. ఫోన్‌లోనూ చిటపట వస్తే, అందులోనూ తీగను వేళ్లతో వంచినప్పుడల్లా వస్తే, తీగ లోపల తెగుతోందని అర్థం. అక్కడితో ఆగి కొత్తది కొనుక్కోవడమే, సెట్టింగ్స్ జోలికి వెళ్లడం దండగ. ఆమె హెడ్‌సెట్ ఫోన్‌లో శుభ్రంగా పలికింది. చిటపట మటుకు కంప్యూటర్ వైపుదేనని తేలింది.

ఇప్పుడు శాంపిల్ రేటు సంగతి. కీబోర్డు మీద విండోస్ మీటా R మీటా కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇది కొట్టాలి:

```
mmsys.cpl
```

పాత Sound కిటికీ తెరుచుకుంటుంది. Playback అన్న చోట హెడ్‌సెట్ స్పీకర్లు, Recording అన్న చోట దాని మైకు కనిపిస్తాయి. ఒక్కోదాని Properties తెరిచి Advanced అన్న పేజీకి వెళితే Default Format అని ఒక వరస ఉంటుంది. ఆమె లాప్‌టాప్‌లో స్పీకర్‌కు 96000 Hz, మైకుకు 44100 Hz పెట్టి ఉన్నాయి. ఇలా ఎందుకుందని అడిగితే, అంకె పెద్దదైతే నాణ్యత పెరుగుతుందని ఎవరో వీడియోలో చెప్పారట.

ఈ రెండు అంకెల వెనుక చిన్న చరిత్ర ఉంది. 44,100 అన్నది ఆడియో సీడీల కాలం నుంచి పాటలకు స్థిరపడిన లెక్క. 48,000 వీడియోలది. యూఎస్‌బీ మిల్లీసెకను లెక్కలో 48,000 చక్కగా భాగమవుతుంది, మూటకు 48. అదే 44,100 అయితే మూటకు 44.1 రావాలి. శాంపిల్‌లో పదో వంతును పంపలేం కదా. అందుకని తొమ్మిది మూటల్లో 44 చొప్పున, పదో మూటలో 45 పెట్టి సరిచేస్తారు. ఇది తప్పేమీ కాదు, మంచి చిప్‌లు దీన్ని తేలిగ్గానే సంబాళిస్తాయి. చవక చిప్‌లు కొన్ని మాత్రం తడబడతాయి. మైకుకూ స్పీకరుకూ ఒకే గడియారం పెట్టుకున్న చిప్‌ను ఒకవైపు ఒక వేగంతో, రెండోవైపు ఇంకో వేగంతో నడపమంటే మరీ ఇబ్బంది. పాటలు మాత్రమే వింటున్నంతసేపు అంతా బాగుండి, మైకు తెరుచుకోగానే చెవుల్లో చిటపట మొదలైతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

పోనీ పెద్ద అంకెతో లాభమైనా ఉందా అంటే, మాట్లాడుకునే పనికి అసలు లేదు. బ్రౌజర్‌లో నడిచే కాల్స్‌లో గొంతును కుదించి పంపేందుకు ఎక్కువగా వాడే ఓపస్ అనే పద్ధతి 48,000కు మించి తీసుకోదు. 96,000 పెట్టినా దాన్ని దించే పంపుతారు. ఆ దింపుడు పని ప్రాసెసర్ మీద అదనపు భారం, అంతే. కాబట్టి రెండింటినీ 16 bit, 48000 Hz మీద పెట్టించాను. జాబితాలో ఆ వరస లేకపోతే కంగారు పడక్కర్లేదు. కొన్ని హెడ్‌సెట్ల మైకు 16,000కే పరిమితం, విండోస్ ఆ పరికరానికి చేతనైన వాటినే చూపిస్తుంది. మార్చాక OK కొట్టి, కాల్ యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి.

ఈ లెక్కకు సంబంధించి ఇంకో చిక్కుంది. హెడ్‌సెట్ మైకులో మాట్లాడుతూ, వినడానికి వేరే స్పీకరు వాడేవాళ్లకు ఇది ఎదురవుతుంది. రెండు పరికరాల్లో రెండు గడియారాలు ఉంటాయి. రెండింటి మీదా 48,000 అనే రాసి ఉన్నా అవి నూటికి నూరుపాళ్లూ కలవవు. పది లక్షలకు వంద పాళ్ల తేడా ఉందనుకుందాం. సెకనుకు దాదాపు 5 శాంపిళ్లు అటో ఇటో అవుతాయి. మధ్యలో 480 శాంపిళ్ల నిల్వ, అంటే 10 మిల్లీసెకన్ల శబ్దం ఉంటే, ఇంచుమించు 100 సెకన్లలో ఆ నిల్వ ఖాళీ అవుతుంది, లేదా పొంగుతుంది. అప్పుడొక ‘టక్’. మంచి సాఫ్ట్‌వేర్ దీన్ని నెమ్మదిగా సర్దుకుంటూ పోతుంది, నాసిరకందైతే సర్దుకోదు. గడియారం చూసుకుంటే దాదాపు ఒకే విరామంతో టక్కుమంటోందా? అయితే ఇదే. వినడం, మాట్లాడటం రెండూ ఒకే హెడ్‌సెట్‌లో పెట్టుకుంటే పోతుంది. Recording వైపు Listen పేజీలో Listen to this device అన్న గడిలో టిక్కు ఉంటే దాన్నీ తీసేయాలి.

శాంపిల్ రేటు సరిచేశాక ఆమె చెవుల్లో వినిపించే చిటపట పోయింది. రికార్డులో మాత్రం అక్కడక్కడా మిగిలింది. ఇప్పుడు కరెంటు వైపు చూడాలి.

సొంత అడాప్టర్ లేని హబ్ తనకు కావాల్సిన కరెంటును లాప్‌టాప్ పోర్టు నుంచే తీసుకుంటుంది. పాత యూఎస్‌బీ 2.0 లెక్క ప్రకారం లాప్‌టాప్ పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. అలాంటి హబ్ తన ఒక్కో పోర్టుకు ఇస్తానని మాట ఇచ్చేది 100 మాత్రమే. మామూలు హెడ్‌సెట్‌కు అది సరిపోతుంది. రంగు రంగుల లైట్లున్న గేమింగ్ హెడ్‌సెట్‌కు చాలకపోవచ్చు. పక్కనే హార్డ్‌డిస్క్ ఉంటే కథ మారిపోతుంది. డిస్క్ తిరగడం మొదలైన క్షణంలో అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, హబ్‌లో వోల్టేజీ కిందికి జారుతుంది. హెడ్‌సెట్ లోపలి చిప్ 5 వోల్టులు తీసుకుని తనకు కావాల్సినంతకు దించుకుని వాడుతుంది కాబట్టి కొంత జారినా ఓర్చుకుంటుంది. ఆ హద్దు దాటితే చిప్ క్షణకాలం స్పృహ తప్పి మళ్లీ లేస్తుంది. అప్పుడు విండోస్ పరికరం తీసినట్టూ, మళ్లీ పెట్టినట్టూ ‘టుంగ్’మని రెండు చిన్న శబ్దాలు చేస్తుంది. మీ చిటపటల మధ్య ఆ టుంగుమనే చప్పుడు వినిపిస్తోందంటే ఇక వెతకనక్కర్లేదు, కరెంటే.

ఆమెకు ఆ చప్పుడు వినిపించలేదు కానీ, హార్డ్‌డిస్క్‌లో బ్యాకప్ నడుస్తున్నప్పుడే చిటపట ఎక్కువవుతోందని చెప్పింది. హబ్‌ను వదిలేసి హెడ్‌సెట్‌ను నేరుగా లాప్‌టాప్‌కు తగిలించేసరికి చాలామటుకు తగ్గింది. ఇది కరెంటు మహిమా, లేక ఒకే హబ్ దారిలో రద్దీ తగ్గడమా అని అడిగితే బయటి నుంచి విడదీసి చెప్పలేం. రెండింటికీ మందు ఒకటే కాబట్టి ఇంట్లో విడదీయాల్సిన పనీ లేదు.

కరెంటుతో ముడిపడ్డ మరో రకం శబ్దం ఉంది. అది చిటపటలా కాకుండా ‘గుయ్’మని ఆగకుండా సాగుతుంది. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే అది మాయమవుతుంది. చార్జర్ నుంచి వచ్చే అలజడి 5 వోల్టుల తీగలోంచి మైకులోని సన్నటి సంకేతంలోకి దూరుతోందన్నమాట. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టు, లాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన అసలు చార్జరు ఉంటే సాధారణంగా నెమ్మదిస్తుంది. మన ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నంత మాత్రాన వెనుక ఎర్త్ తీగ ఉందని నమ్మకం లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించుకోవడం హెడ్‌సెట్‌కే కాదు, మనకూ మంచిది. ఇక కాసేపు మౌనంగా ఉండి మాట మొదలుపెట్టగానే మొదటి అక్షరం మింగేస్తోందంటే, అది విండోస్ పొదుపు బుద్ధి. Power Optionsలోని USB selective suspend setting అన్నదాన్ని Disabled చేయాలి. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో ఆ వరస కనిపించదు. అప్పుడు Device Managerలో USB Root Hub తెరిచి, Power Management పేజీలో Allow the computer to turn off this device to save power అన్న టిక్కు తీయాలి.

తీగలేని హెడ్‌సెట్లకు యూఎస్‌బీలో గుచ్చే చిన్న డాంగిల్ ఉంటుంది కదా, వాటి సమస్య కరెంటు కాదు, రేడియో. యూఎస్‌బీ 3.0 పోర్టులు, డిస్కులు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్‌జ్ దగ్గర అలజడి పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రంలో వివరించింది. డాంగిల్ మాట్లాడేదీ అక్కడే. చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో డాంగిల్‌ను డిస్కుకు దూరంగా జరిపితే చాలు.

మళ్లీ కాకినాడకు వద్దాం. నేరుగా తగిలించినా ఎప్పుడో ఒక చిటపట వస్తూనే ఉంది. ఇక మిగిలింది డ్రైవర్. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. డ్రైవర్ అనగానే హెడ్‌సెట్ డ్రైవర్ గుర్తొస్తుంది. హెడ్‌సెట్లలో అధికభాగానికి విండోస్‌తో వచ్చే సాధారణ డ్రైవరే సరిపోతుంది. పైగా కంపెనీ ఇచ్చే ‘సరౌండ్’ సాఫ్ట్‌వేర్ తీసేస్తేనే బాగుపడిన హెడ్‌సెట్లు బోలెడు. అసలు దోషి తరచుగా వేరే పరికరం డ్రైవర్. ప్రాసెసర్‌ను ఒక డ్రైవర్ అత్యవసర పని పేరుతో పట్టుకున్నంతసేపూ మిగతావాళ్లంతా ఆగాల్సిందే. ఒక్కో విడతలో 100 మైక్రోసెకన్లకు మించి పట్టుకోకూడదని మైక్రోసాఫ్ట్ డ్రైవర్ రాసేవాళ్లకు చెబుతుంది. ఎవరైనా ఆ మర్యాద తప్పి కొన్ని మిల్లీసెకన్లపాటు కూర్చుంటే, శబ్దపు మూటలు కట్టే పని ఆగిపోతుంది. గండి పడుతుంది.

దీన్ని పట్టుకోవడానికి LatencyMon అనే ప్రోగ్రాం ఇంటి వాడకానికి ఉచితంగా దొరుకుతుంది. ఓ పది నిమిషాలు నడిపితే ఏ ఫైలు ఎంతసేపు ప్రాసెసర్‌ను పట్టుకుందో Drivers పేజీలో చూపిస్తుంది. ఆమె లాప్‌టాప్‌లో పైవరసలో `ndis.sys` నిలిచింది. అది నెట్‌వర్క్ పనులు చూసే విండోస్ ఫైలు. ఆ పేరు పైన కనిపిస్తే నేరం ఆ ఫైలుది కాదు, దాని ద్వారా పనిచేసే వైఫై డ్రైవర్‌ది అనుకోవాలి. రూఢి చేసుకోవడం సులువు. వైఫై ఆపేసి మళ్లీ రికార్డు చేయాలి. చేస్తే ఒక్క చిటపటా లేదు. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ మోడల్‌కు ఇచ్చిన కొత్త వైఫై డ్రైవర్ వేసుకుంది, అక్కడితో ఆ గొడవ తీరింది. ప్రోగ్రాం ఎర్ర అక్షరాల్లో భయపెట్టినా అసలు చెవికి ఏమీ వినిపించకపోతే మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

ఇంత చేసినా గొంతు నీరసం అలాగే ఉంది. ఉండాలి కూడా. మైకు నీరసానికి కరెంటుతో గానీ, శాంపిల్ రేటుతో గానీ దాదాపు సంబంధం ఉండదు. చిప్‌కు కరెంటు చాలకపోతే అది పడిపోతుందే తప్ప మెల్లగా మాట్లాడదు. గొంతు తగ్గిందంటే ఎవరో, ఎక్కడో తగ్గించి ఉంటారు. లేదా మనం అనుకుంటున్న మైకు అది కాకపోయి ఉంటుంది. రెండోది తేల్చడానికి హెడ్‌సెట్ మైకు మీద గోటితో మెల్లగా గీరాలి. గరగరమని పెద్దగా రికార్డయితే అదే మైకు. ఏమీ వినిపించకపోతే కాల్ యాప్ లాప్‌టాప్‌లోని మైకును పట్టుకుని కూర్చుందన్నమాట, అది అడుగు దూరంలో ఉంటుంది కాబట్టి గొంతు బావిలోంచే వస్తుంది.

ఆమె గీరితే గరగర వచ్చింది. అందుకని మైకు Properties లోని Levels పేజీ తెరిచాం. గీత 100లో 38 దగ్గర ఉంది. 90కి పెంచితే బాగానే ఉంది. మర్నాడు పాఠం అయ్యాక చూస్తే మళ్లీ నలభైల్లోకి దిగింది. ఇదీ అసలు ఆనవాలు. చాలా కాల్ యాప్‌లలో మైకు మోతాదును తామే సర్దే ఏర్పాటు ఉంటుంది. జూమ్‌లో దాని పేరు Automatically adjust microphone volume. ఆమె మైకును సరిగ్గా పెదాల ముందు పెట్టుకుంటోంది. ఒత్తులు నేర్పేటప్పుడు ‘ఖ’, ‘భ’, ‘ఫ’ అనగానే ఊపిరి నేరుగా మైకుకు తగిలి పెద్ద దెబ్బలా పడుతోంది. గొంతు మరీ పెద్దదైపోయిందనుకుని యాప్ గీతను కిందికి దించుతోంది. ఆ తర్వాత మామూలు మాట వినిపించకుండా పోతోంది.

అందువల్ల మందు రెండు చోట్ల వేయాల్సి వచ్చింది. యాప్‌లో ఆ టిక్కు తీసేయడం ఒకటి. మైకును పెదాల ముందు నుంచి తప్పించి నోటి మూలకు పక్కగా, రెండు వేళ్ల దూరంలో ఉంచడం రెండోది. దూరం మరీ పెంచకూడదు. 2 సెంటీమీటర్ల నుంచి 8కి జరిపితే మైకుకు చేరే బలం నాలుగో వంతుకు, అంటే 12 డెసిబెల్స్ మేర పడిపోతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పెంచితే ఫ్యాను చప్పుడు కూడా అంతే పెరుగుతుంది. సరైన మోతాదు ఎంత అంటారా? ఆడాసిటీ లాంటి రికార్డింగ్ ప్రోగ్రాంలో మామూలుగా మాట్లాడుతున్నప్పుడు మీటరు శిఖరాలు సుమారు -12 దగ్గర ఆడుతుంటే చక్కగా ఉన్నట్టు. -40 దాటడం లేదంటే నీరసం. 0ను తాకుతుంటే అల నెత్తి తెగుతోంది. అదీ చిటపటలాగే వినిపిస్తుంది కానీ గట్టిగా మాట్లాడినప్పుడు మాత్రమే వస్తుంది. దానికి గీత తగ్గించడమే మార్గం, డ్రైవర్లు వెతికితే దొరకదు.

గీతను 100కు తీసుకెళ్లి, మైకు నోటి దగ్గరే పెట్టి, యాప్ సర్దుబాటు ఆపి, Audio enhancements అన్నదాన్ని Off చేసి చూసినా -30 దాటకపోతే ఆ మైకు గుళిక బలహీనపడిందనో, దాని రంధ్రం ముందు దుమ్ము, చెమట పేరుకున్నాయనో అనుకోవాలి. మైకుకు తొడిగిన స్పాంజిని తీసి, ఉతికి, పూర్తిగా ఆరాక తొడగండి. ఫోన్‌లోనూ అంతే నీరసంగా ఉంటే వారంటీ కాగితం వెతకాల్సిందే. కాకినాడ హెడ్‌సెట్‌కు ఆ అవసరం రాలేదు. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చిన మర్నాడు మాత్రం పాఠానికి ముందు `mmsys.cpl` తెరిచి రెండు 48000లు అలాగే ఉన్నాయో లేదో చూసుకోమన్నాను. అప్‌డేట్ల తర్వాత ఈ అమరికలు ఒక్కోసారి చెప్పకుండా మారిపోతుంటాయి.